నుదుటి మీద చల్లని ప్యాక్ పెట్టగానే తేలిన విషయం

ఎదుటివాళ్ళు ఆవులించినా మీకు ఆవులింత రాలేదంటే మీకు జాలి తక్కువని చెప్పే వీడియోలు ఫోన్లలో మళ్ళీ తిరుగుతున్నాయి. ఆవులించని పిల్లల్ని పట్టుకుని "నీకు మనసే లేదురా" అని ఏడిపించేవాళ్ళూ ఉన్నారు. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకు చాలావరకు ఆవులింత అంటుకోనే అంటుకోదు. ఆ మాట వాళ్ళను అనడం అన్యాయం.

ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడని మన సామెత. ఆ అన్న ఎందుకొస్తాడన్నదే గొడవ. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే ఆవులిస్తామన్న పాత మాట 1987లోనే వీగిపోయింది. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ బృందం విద్యార్థులకు స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చి చూసింది, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలీ ఇచ్చి చూసింది. ఊపిరి వేగం పెరిగింది కానీ ఆవులింతలు మారలేదు.

అసలు మలుపు 2007లో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో ఆండ్రూ గ్యాలప్, గోర్డన్ గ్యాలప్ కొందరికి నుదుటి మీద ప్యాక్ పట్టుకోమని చెప్పి, ఆవులించే మనుషుల వీడియో చూపించారు. వేడి ప్యాక్ గానీ, మామూలు ప్యాక్ గానీ పట్టుకున్నవాళ్ళలో 41 శాతం మంది ఆవులించారు. చల్లని ప్యాక్ పట్టుకున్నవాళ్ళలో 9 శాతమే. ముక్కుతోనే ఊపిరి తీసుకోమన్నవాళ్ళకు ఆవులింత అసలు రాలేదు. నుదురు చల్లబడినంత మాత్రాన మనిషిలో జాలి కరిగిపోదు కదా!

వాళ్ళ వివరణ ప్రకారం ఆవులింత పని మెదడును చల్లబరచడం. దవడ బాగా సాగినప్పుడు తలకు రక్తప్రసారం పెరుగుతుంది, లోపలికి పీల్చిన గాలి ఆ రక్తంలోని వేడిని తగ్గిస్తుంది. అలాగైతే బయటి గాలి ఒంటి వేడితో సమానంగా ఉన్నప్పుడు ఆవులించి లాభం లేదు. అమెరికాలోని టూసాన్‌లో దారిన పోయేవాళ్ళకు ఆవులింతల ఫొటోలు చూపిస్తే, 22 డిగ్రీల చలికాలంలో 45 శాతం మంది, 37 డిగ్రీల ఎండాకాలంలో 24 శాతం మంది ఆవులించారు. వియన్నాలో ఇది తిరగబడింది. అక్కడ మెదడును చల్లబరచాల్సిన పనే లేని గడ్డకట్టే చలికాలంలో ఆవులింతలు తగ్గి, 20 డిగ్రీల దగ్గరుండే ఎండాకాలంలో పెరిగాయి. రెండు ఊళ్ళలోనూ ఎక్కువ ఆవులింతలు వచ్చింది 20 డిగ్రీల చుట్టుపక్కలే.

జాలి వాదానికీ ఆధారం లేకపోలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళ నుంచి కన్నా అయినవాళ్ళ నుంచే ఆవులింత ఎక్కువగా అంటుకుంటుందని 2011లో ఇటలీ పరిశోధకులు చూపారు. అయితే అయినవాళ్ళ మొహాన్ని మనం ఎక్కువగా గమనిస్తాం, అదీ కారణం కావచ్చు. 2014లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు 328 మందికి మూడు నిమిషాల వీడియో చూపిస్తే 222 మంది ఆవులించారు. ఎవరికి అంటుకుంటుందో సానుభూతి స్కోరును బట్టి చెప్పలేకపోయారు. వయసు పెరిగేకొద్దీ అంటుకోవడం కాస్త తగ్గింది, అంతే.

చల్లబరచడం వాదాన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఉన్నారు. మెదడు చల్లబడితే చురుకు పెరగాలి కదా, ఆవులించాక అలా పెరిగినట్టు మెదడు తరంగాలను కొలిచే ఈఈజీలో కనబడలేదన్నది వాళ్ళ అభ్యంతరం.