అసిటిలీన్ 61: పాతదా, కొత్తదా?

ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో కరిగిన వాయువుల పరీక్ష రిపోర్టు చేతికి రాగానే చాలామంది కళ్లు ముందుగా వెతికేది అసిటిలీన్ గడినే. అక్కడ 61 పీపీఎం అని ఉంటే "లోపల ఆర్కింగ్ జరుగుతోంది, ఆపెయ్యాలా?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అసిటిలీన్ కనిపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ పని అయిపోయినట్టే అన్న నమ్మకం ఈ రంగంలో గట్టిగా పాతుకుపోయింది. ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పడం కుదరదు. ఎందుకు కుదరదో తెలియాలంటే నూనె అణువు ఎలా విరుగుతుందో చూడాలి.

ట్రాన్స్‌ఫార్మర్ నూనె అంటే కార్బన్ గొలుసులు, వలయాలు, వాటికి అతుక్కున్న హైడ్రోజన్లు. వీటిలో అన్నిటికన్నా తేలిగ్గా తెగేది కార్బన్-హైడ్రోజన్ బంధం. అది తెగితే విడిపోయిన హైడ్రోజన్ పరమాణువులు జతకట్టి హైడ్రోజన్ వాయువు అవుతాయి. గొలుసు కొసన ఉన్న ముక్క ఊడితే మీథేన్, రెండు ముక్కలు కలిస్తే ఈథేన్ వస్తాయి. వీటికి పెద్ద వేడి అక్కర్లేదు. రెండు కార్బన్ల మధ్య జంట బంధం ఉండే ఎథిలీన్ పెద్ద మొత్తంలో పుట్టాలంటే మాత్రం వేడి సుమారు 500 డిగ్రీలు దాటాలి. అంతకు దిగువన కూడా కొంత వస్తుంది కానీ, అక్కడ మీథేన్, ఈథేన్‌లదే పైచేయి.

అసిటిలీన్ కథ వేరు. దానిలో రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలు ఉంటాయి. అది చెప్పుకోదగ్గంత పుట్టాలంటే 800 నుంచి 1200 డిగ్రీల వేడి కావాలి, పుట్టినది నిలవాలంటే వెంటనే చల్లారాలి. నెమ్మదిగా చల్లారితే మళ్లీ విడిపోయి మసిగానూ హైడ్రోజన్‌గానూ మారిపోతుంది. ఆర్క్‌లో ఈ రెండు షరతులూ ఒకేసారి తీరతాయి. వేల డిగ్రీల సన్నని మెరుపు దారి, దాన్ని అన్ని వైపులా చుట్టుకున్న చల్లని నూనె. మెరుపు ఆరగానే పక్క నూనె ఆ వాయువును ఒక్క క్షణంలో చల్లబరుస్తుంది, అసిటిలీన్ అలాగే నిలిచిపోతుంది. ఈ వ్యవహారంలో అన్నిటికన్నా అందమైన సంగతి ఇదే. అసిటిలీన్ వేడికి గుర్తు మాత్రమే కాదు, వేడి ఎంత హఠాత్తుగా వచ్చి పోయిందో చెప్పే గుర్తు కూడా.

పార్షియల్ డిశ్చార్జ్‌ను ఇదే కొలతతో చూడండి. నూనెలో చిక్కిన బుడగలోనో, సరిగా తడవని కాగితం పొరల మధ్య ఖాళీలోనో చిన్నచిన్న డిశ్చార్జ్‌లు జరుగుతుంటాయి. ఎలక్ట్రాన్లు నూనె అణువులను ఢీకొడతాయి, కానీ చుట్టూ ఉన్న నూనె పెద్దగా వేడెక్కదు. కాబట్టి అన్నిటికన్నా బలహీనమైన బంధమే తెగుతుంది. హైడ్రోజన్ విపరీతంగా, మీథేన్ కొంచెం, మిగతావి దాదాపు శూన్యం. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60599 ప్రకారం మీథేన్‌ను హైడ్రోజన్‌తో భాగిస్తే 0.1 కన్నా తక్కువ, ఎథిలీన్‌ను ఈథేన్‌తో భాగిస్తే 0.2 కన్నా తక్కువ వస్తే పార్షియల్ డిశ్చార్జ్ అనుమానించాలి. చిన్న స్పార్క్‌లైతే ఇలా ఉండవు. వాటిలో అసిటిలీన్ తప్పకుండా కనిపిస్తుంది, అవి ఆర్కింగ్ వైపే లెక్క.

ఇంత సులువైన విషయాన్ని "ఈ వాయువు ఉంటే ఈ లోపం" అని పట్టికగా బట్టీ పట్టించడం బోధనలో జరిగే పెద్ద తప్పు. బంధాల వరుస ఒకసారి అర్థమైతే పట్టిక దానంతట అదే వస్తుంది.

ఇక అసిటిలీన్ 61 దగ్గరికి వద్దాం. 20,000 లీటర్ల నూనె ఉన్న ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మర్, దానికి లోడు నడుస్తుండగానే వోల్టేజీని సర్దే ఆన్‌లోడ్ టాప్ చేంజర్ ఉందనుకుందాం. నెల కిందటి రిపోర్టులో పీపీఎంలలో హైడ్రోజన్ 20, మీథేన్ 30, ఈథేన్ 25, ఎథిలీన్ 40, అసిటిలీన్ 60. ఈనాటి రిపోర్టులో హైడ్రోజన్ 45, మీథేన్ 70, ఈథేన్ 40, ఎథిలీన్ 140, అసిటిలీన్ 61.

కెనడాలోని హైడ్రో-క్యుబెక్ శాస్త్రవేత్త మిషెల్ డ్యువల్ రూపొందించిన త్రిభుజంలో మూడే వాయువులు ఉంటాయి: మీథేన్, ఎథిలీన్, అసిటిలీన్. మూడింటినీ కూడి, ఒక్కోదాన్ని శాతంగా రాసి, ఆ బిందువు ఏ గదిలో పడిందో చూడాలి. ఈనాటి అంకెల మొత్తం 271. మీథేన్ 25.8 శాతం, ఎథిలీన్ 51.7, అసిటిలీన్ 22.5. బిందువు DT గదిలో పడుతుంది, అంటే వేడీ మెరుపూ కలిసిన లోపమట. రిపోర్టు అడుగున కంప్యూటర్ ఇదే ముద్రిస్తుంది, చదివినవాళ్లు కంగారుపడతారు.

ఆ 271లో 130 పీపీఎం నెల కిందటే ఉంది. అదంతా పాత సరుకు. కొత్తగా వచ్చినదాన్ని మాత్రమే చూడాలంటే తీసివేత చేయాలి. మీథేన్ 40, ఎథిలీన్ 100, అసిటిలీన్ 1, మొత్తం 141. శాతాల్లో 28.4, 70.9, 0.7. బిందువు T3 గదిలోకి జరిగింది. ఎథిలీన్ 50 శాతం దాటి, అసిటిలీన్ 15 శాతం లోపు ఉంటే పడే గది అది. దాని అర్థం 700 డిగ్రీలు మించిన వేడి, ఆర్కింగ్ లేదు. నిష్పత్తులు కూడా అదే మాట చెబుతాయి. కొత్త వాయువుల్లో ఎథిలీన్‌ను ఈథేన్‌తో భాగిస్తే 6.7, T3కి 4 దాటితే చాలు. మీథేన్‌ను హైడ్రోజన్‌తో భాగిస్తే 1.6, అంటే 1 దాటింది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. 60కీ 61కీ తేడా ల్యాబ్ కొలతలోనే పోయేది కదా? నిజమే. 60 పీపీఎం కొలతలో 15 శాతం అటూఇటూ అయిందనుకుంటే 9 పీపీఎం మారవచ్చు. అసిటిలీన్ పెరుగుదల 1 కాదు, 9 అనుకుని లెక్క మళ్లీ కట్టండి. మొత్తం 149, అసిటిలీన్ 6 శాతం, ఎథిలీన్ 67 శాతం. బిందువు ఇంకా T3లోనే ఉంది. ఈ పరీక్ష తప్పనిసరి. తేడాలు చిన్నవైతే కొలతలోని పొరపాటు బిందువును ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నెట్టేయగలదు. వాయువులు గుర్తించగల కనీస స్థాయికి కాస్త పైన ఉన్నప్పుడు త్రిభుజం గీయడమే వృథా.

అయితే ఆ పాత 60 పీపీఎం ఎక్కడిది? టాప్ చేంజర్‌లోని డైవర్టర్ స్విచ్ తన నూనె అరలో టాప్ మారిన ప్రతిసారీ ఆర్క్ చేస్తుంది. అది లోపం కాదు, దాని పనే అది. ఆ అర సీలు కారితే, లేదా పైనున్న నూనె తొట్టి అయిన కన్జర్వేటర్‌లో రెండు నూనెలకూ ఒకే గాలి అందుతుంటే, ఆ అసిటిలీన్ మెయిన్ ట్యాంకులోకి వచ్చేస్తుంది. గుర్తుపట్టే దారి ఒకటుంది: అసిటిలీన్‌ను హైడ్రోజన్‌తో భాగిస్తే 2-3 కన్నా ఎక్కువ రావడం. పాత రిపోర్టులో 60ని 20తో భాగిస్తే సరిగ్గా 3. హైడ్రోజన్ నూనెలో నిలవదు, త్వరగా జారిపోతుంది, అసిటిలీన్ కరిగి ఉండిపోతుంది. ఆర్క్ మెయిన్ ట్యాంకులోనే జరిగి ఉంటే హైడ్రోజన్ అసిటిలీన్‌కు సమానంగానో అంతకు మించో కనిపించాల్సింది.

కాబట్టి ఇప్పుడు వెతకవలసింది ఒక వేడి ప్రదేశం. అది కాగితం దగ్గర ఉందా, ఉత్త లోహం మీద ఉందా? కార్బన్ మోనాక్సైడ్ 350 నుంచి 355కి, కార్బన్ డయాక్సైడ్ 2800 నుంచి 2830కి పెరిగిందనుకోండి. కాగితం కాలుతుంటే ఈ రెండూ, ముఖ్యంగా మోనాక్సైడ్, గట్టిగా లేచేవి. ఇక్కడ దాదాపు కదలలేదు. వేడి లోహం మీదే అన్న అనుమానం బలపడుతుంది. ఎథిలీన్ 100 పీపీఎం అంటే 20,000 లీటర్లలో 2 లీటర్ల వాయువు. నెలలో ఇంత పుట్టించాలంటే ఒక బోల్టు, ఒక కాంటాక్టు అంత చోటు చాలు.

చోటు పట్టుకోవడానికి లోడును అడగాలి. వారానికోసారి శాంపిల్ తీసి లోడు రికార్డుతో పోల్చితే సగం పని అవుతుంది. లోడుతో పాటు వాయువు పెరిగితే కరెంటు పోయే దారిలో లూజు జాయింట్, లేదా సెలెక్టర్ కాంటాక్టుపై గట్టిపడిన మసి అనుమానించాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆపి ప్రతి టాప్‌లోనూ వైండింగ్ రెసిస్టెన్స్ కొలిస్తే, ఒక టాప్‌లో అంకె ఎగిరితే అక్కడే దొరుకుతుంది. లోడుతో సంబంధం లేకుండా వాయువు పెరుగుతుంటే కోర్ రెండు చోట్ల ఎర్త్ అయి ఉండవచ్చు. కోర్ ఎర్తింగ్ తీగ బయటికి తెచ్చి ఉంటే నడుస్తుండగానే క్లాంప్ మీటరుతో చూడవచ్చు. మంచి కోర్‌లో మిల్లీఆంపియర్లు, రెండో ఎర్త్ ఏర్పడితే ఆంపియర్లు. లోడు పెంచితే పెరిగే లీకేజీ ఫ్లక్స్ కూడా క్లాంపులను వేడెక్కించగలదు, అందుకే లోడు సంబంధం దొరికినా కాంటాక్టే దోషి అని వెంటనే నిర్ధారించకూడదు.

ఇంత తర్కం ఒక సిరంజి దగ్గర కూలిపోగలదు. 50 మిల్లీలీటర్ల నూనెతో పాటు సిరంజిలో ఒక మిల్లీలీటరు గాలి బుడగ చిక్కిందనుకోండి. నూనెలో హైడ్రోజన్ కరిగే గుణకం 25 డిగ్రీల దగ్గర 0.056 మాత్రమే, ఈథేన్‌కు 2.82. రెండింటి మధ్య యాభై రెట్ల తేడా. లెక్క కడితే సిరంజిలోని హైడ్రోజన్‌లో నాలుగో వంతు పైగా బుడగలోకి వెళ్లిపోతుంది, ఈథేన్ ఒక శాతం కూడా పోదు. శాంపిల్ తీసేటప్పుడే చొరబడిన బుడగను అక్కడికక్కడే బయటికి తోసేయాలి. నూనె చల్లారి కుంచించుకుపోవడం వల్ల తరువాత ఏర్పడిన చిన్న బుడగను మాత్రం తోసేయకూడదు, అందులోకి చేరింది శాంపిల్‌లోని వాయువే. వాల్వు, పైపుల్లో నిలిచిన పాత నూనెను ముందుగా ఒదిలేసి, సిరంజిని ఆ నూనెతోనే కడిగి, ఆ తరువాతే శాంపిల్ తీయాలి. పార్షియల్ డిశ్చార్జ్ తీర్పు మొత్తం హైడ్రోజన్ మీదే నిలబడుతుంది కాబట్టి ఈ అజాగ్రత్తకు అందరికన్నా ముందు నష్టపోయేది అదే.

హైడ్రోజన్ ఒక్కటే పెరిగినా పార్షియల్ డిశ్చార్జ్ అని తొందరపడకూడదు. కొన్ని కొత్త నూనెలు మామూలు నడుపుడు వేడికే హైడ్రోజన్, మీథేన్ విడుదల చేస్తాయి. జింకు పూత పూసిన ఇనుము నీటితో చర్య జరిపినా హైడ్రోజన్ వస్తుంది. నూనె వదిలేది కొన్నాళ్లకు ఒక స్థాయి దగ్గర ఆగుతుంది, డిశ్చార్జ్ మాత్రం వోల్టేజీ ఉన్నంతకాలం పుట్టిస్తూనే ఉంటుంది. వరుసగా మూడు నాలుగు శాంపిల్‌లు గీస్తే ఆ వంపు కనిపిస్తుంది. అప్పటికీ తేలకపోతే ధ్వని సెన్సర్లతోనో విద్యుత్ పద్ధతిలోనో డిశ్చార్జ్‌ను నేరుగా కొలవాలి.

మన ట్రాన్స్‌ఫార్మర్‌లో చివరికి దొరికింది లూజు జాయింటే అనుకుందాం. దాన్ని బిగించి, నూనెను వాయువుల నుంచి శుద్ధి చేశాక మొదటి శాంపిల్‌లో అంకెలు సున్నాకు దగ్గరగా ఉంటాయి. తరువాతి వారాల్లో ఎథిలీన్, అసిటిలీన్ కొంచెం కొంచెంగా లేస్తాయి. ఇది కొత్త లోపం కాదు. కాగితంలో నానిన పాత నూనెలోని వాయువు బయటికి వస్తోంది. అది స్థిరపడ్డాక తీసిన శాంపిల్‌నే కొత్త లెక్కకు పాత అంకెగా పెట్టుకోవాలి.