మూడు మీటర్ల గీత నుంచి ఎండ్ లైన్ దాకా

అనంతపురం జిల్లాలో మా హైస్కూలు గ్రౌండు ఎర్రమట్టి నేల. వాలీబాల్ కోర్టు గీతలు ముగ్గుపిండితో వేసుకుంటాం. జూన్‌లో కొత్తగా ఆటకు వచ్చే పిల్లలు బంతి చేతికి అందగానే ఎండ్ లైన్ దగ్గరికి పరిగెత్తుతారు. పెద్దపిల్లలు సర్వీస్ కొట్టేది అక్కణ్నుంచే కదా. అలా వెళ్లిన ఒక ఏడో తరగతి అమ్మాయి పది బంతులు కొడితే రెండే నెట్ దాటాయి. "పోవడంల్యా సార్, చేతిలో బలంల్యా" అంది.

చాలా ఏళ్లు నేనూ అదే అనుకున్నాను. బంతి పోకపోతే ఇంకా గట్టిగా కొట్టమనేవాణ్ని. గట్టిగా కొట్టే కొద్దీ బంతి దారి తప్పేది, పిల్లల మణికట్టు ఎర్రబడేది. బలం ఎంత అవసరమో ఒకసారి లెక్క వేసి చూశాక నేర్పే పద్ధతే మార్చుకున్నాను.

ఆడవాళ్ల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. నడుము దగ్గర, అంటే నేలకు 80 సెంటీమీటర్ల ఎత్తులో, బంతిని 45 డిగ్రీల కోణంలో లేపామనుకుందాం. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, నెట్‌కు మూడు మీటర్ల దూరంలోని అటాక్ లైన్ నుంచి నెట్ దాటించడానికి బంతికి సెకనుకు సుమారు 7.8 మీటర్ల వేగం చాలు. ఆరు మీటర్ల నుంచి 8.9 కావాలి. తొమ్మిది మీటర్ల దూరంలోని ఎండ్ లైన్ నుంచి 10.3 కావాలి. దూరం మూడింతలు పెరిగితే వేగం మూడో వంతు మాత్రమే పెరిగింది. ఆ కాస్త వేగం కాలు ముందుకు వేసి ఒంటి బరువు మార్చితే వచ్చేస్తుంది. ఆ అమ్మాయికి అడ్డం పడింది బలం కాదు, బంతిని పట్టుకున్న చోటు.

కిందినుంచి కొట్టే సర్వీస్‌లో చెయ్యి భుజం దగ్గర వేలాడే ఊయల లాంటిది. చెయ్యి నిట్టనిలువుగా కిందికి ఉన్న క్షణంలో అరచెయ్యి నేలకు సమాంతరంగా ముందుకు పోతుంటుంది. అక్కడ బంతి తగిలితే అది నేరుగా నెట్‌లోకే పోతుంది. చెయ్యి ఇంకా ముందుకు ఊగి పైకి లేస్తున్నప్పుడు తగిలితే బంతి కూడా పైకి లేస్తుంది. మరీ ఆలస్యమైతే కొట్టినవాళ్ల నెత్తిమీదే లేచి పడుతుంది. అంటే కోణాన్ని తేల్చేది బంతిని పట్టుకున్న ఎడమచెయ్యి. ఒంటికి దగ్గరగా పట్టుకుంటే బంతి చదునుగా పోతుంది, ముందుకు చాపితే ఎత్తుగా పోతుంది. ఆ అమ్మాయి బంతిని తొడకు ఆనించి పట్టుకుంటోంది.

రెండో తప్పు దాదాపు అందరిలో కనిపిస్తుంది. కొట్టే ముందు బంతి చేతిని వదలాలని రూలు ఉంది. అందుకని పిల్లలు దాన్ని మూరెడు ఎత్తు ఎగరేస్తారు. అంత ఎత్తు నుంచి తిరిగి చేతి దగ్గరికి వచ్చేసరికి బంతి సెకనుకు దాదాపు మూడు మీటర్ల వేగంతో కిందికి దిగుతుంటుంది. అలా దిగే బంతిని పైకి ఊగే చేత్తో సరిగ్గా అందుకోవడం పదకొండేళ్ల పిల్లలకు కష్టం. బెత్తెడు లేపితే చాలు, బంతి దాదాపు ఉన్నచోటే ఉంటుంది. నేనైతే ఎగరేయమని చెప్పను. "బంతి కిందనుంచి చెయ్యి తీసెయ్" అంటాను. ఆ మాటతో చాలామందికి ఎడమచెయ్యి నెమ్మదిస్తుంది.

అందుకే మొదటి రెండు రోజులు నెట్ ఉండదు. ఇద్దరిద్దరు ఆరేడు అడుగుల దూరంలో ఎదురెదురుగా నిలబడి, వేళ్లు ముడిచి, మణికట్టును ఆనుకుని ఉండే అరచేతి గట్టి భాగంతో బంతిని ఒకరికొకరు పంపుకుంటారు. కుడిచేతివాళ్లకు ఎడమకాలు ముందుండాలి. బంతి కుడిభుజానికి ఎదురుగా ఉండాలి. అది ఎడమకు జరిగితే చెయ్యి ఒంటికి అడ్డంగా ఊగుతుంది, బంతి కూడా ఎడమకే పోతుంది. ఈ దశలో గట్టిగా కొట్టేవాళ్లను ఆపుతాను.

తర్వాత అటాక్ లైన్ దగ్గరికి వస్తాం. పదిలో ఏడు నెట్ దాటి కోర్టులో పడితే రెండడుగులు వెనక్కి జరగాలి. నాలుగుకు తగ్గితే రెండడుగులు ముందుకు రావాలి. ఎక్కడున్నారో మట్టిలో కాలితో గీత గీసుకుంటారు, మర్నాడు అక్కణ్నుంచే మొదలు. ఆ ఏడో తరగతి అమ్మాయి మొదటి రోజే అటాక్ లైన్ దాటి వెనక్కి జరిగింది. ఆరు మీటర్ల దగ్గర మూడు రోజులు ఆగిపోయింది. చూస్తే, దూరం పెరిగిందన్న భయంతో కాలు కదపకుండా చెయ్యి మాత్రమే విసురుతోంది. బంతులన్నీ నెట్ పై తాడుకు కాస్త కిందే తగులుతున్నాయి. కోణం సరిగ్గానే ఉంది, వేగమే చాలడం లేదు. ఎడమకాలు ముందుకు వేస్తూ కొట్టమన్నాను. ఆ సాయంత్రం పదిలో ఆరు దాటాయి. రెండో వారం చివరికి ఎండ్ లైన్ చేరింది.

చాలాచోట్ల నేర్పడం ఇక్కడితో ఆగిపోతుంది. ఎండ్ లైన్ నుంచి పదిలో ఎనిమిది కొట్టే పిల్ల మ్యాచ్‌లో మొదటి సర్వీసే నెట్‌కు కొడుతుంది. టెన్షన్ అని సరిపెట్టుకుంటాం. టెన్షన్ ఉంటుంది నిజమే, కానీ అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ప్రాక్టీసులో పది బంతులు వరసగా కొట్టేటప్పుడు ప్రతి బంతీ ముందు బంతిని చూసి సర్దుకున్నదే. మ్యాచ్‌లో వంతు ఎన్నో నిమిషాలకు ఒకసారి వస్తుంది. పరిగెత్తి, పడి, లేచి, ఆయాసంతో వచ్చి ఒక్క బంతి కొట్టాలి. తప్పితే ఎదుటివాళ్లకు పాయింటు.

1979లో జాన్ షియా, రాబిన్ మోర్గన్ అనే పరిశోధకులు మనుషులకు మూడు రకాల చేతి కదలికలు నేర్పారు. ఒక గుంపు ఒక్కో రకాన్ని పూర్తి చేసి తర్వాతి దానికి వెళ్లింది. రెండో గుంపు మూడింటినీ కలిపి చేసింది. నేర్చుకుంటున్నప్పుడు మొదటి గుంపే మెరుగ్గా కనిపించింది. పది రోజుల తర్వాత పరీక్షిస్తే రెండోది ముందుంది. వరసగా చేస్తే బాగా వస్తున్నట్టు కనిపించేదంతా నిలిచేది కాదు. అయితే చెయ్యి ఎలా ఊపాలో ఇంకా తెలియని పిల్లలకు మొదటి రోజు నుంచే అన్నీ కలిపితే గందరగోళమే. అందుకే ఎండ్ లైన్ చేరేదాకా వరసగా కొట్టిస్తాను, చేరాక వరస ఆపేస్తాను.

అప్పటి నుంచి ఒక్కొక్కరికి ఒక్క సర్వీసే. కొట్టిన వెంటనే కోర్టులోకి పరిగెత్తి, అవతలి నుంచి నేను విసిరే బంతిని లేపి, వెళ్లి లైన్ చివర నిలబడాలి. మళ్లీ వంతు వచ్చేసరికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. విజిల్ ఊదాక ఎనిమిది సెకన్లలో కొట్టాలి. స్కోరు కూడా నేనే చెబుతాను: "23, 24. నీదే సర్వీస్." మొదటి రోజు ఆ అమ్మాయికి అయిదు వంతుల్లో ఒక్కటే పడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. వారం తిరిగేసరికి మూడు పడ్డాయి. అప్పుడు గానీ బంతి వేయాల్సిన చోటు చూపించలేదు: వెనక నిలబడ్డ ఇద్దరి మధ్య ఖాళీ. స్కూలు ఆటల్లో "నువ్వు తీసుకో" అంటే "నువ్వు తీసుకో" అని ఇద్దరూ బంతిని వదిలేసే చోటు అదే.

ఇక మిగిలింది ఆషాఢం గాలి. మా వైపు ఆ నెలలో బంతి నిలవదు. 60 డిగ్రీల్లో లేపిన సర్వీస్ రెండు సెకన్లకు పైగా గాలిలో ఉంటుంది, 35 డిగ్రీల్లో పోయేది ఒకటిన్నర సెకనే. ఎత్తుగా వేసే బంతిలో కాస్త వేగం అటూ ఇటూ అయినా కోర్టులోనే పడుతుంది, కాబట్టి గాలి లేని రోజు కొత్తవాళ్లకు అదే మంచిది. ఎదురుగాలిలో మాత్రం అది నెట్ దాకా వచ్చి ఆగిపోతుంది. ప్రతి సెట్‌కూ కోర్టు మారతారు గనుక ఒకే అమ్మాయి ఒకే మ్యాచ్‌లో రెండు రకాలూ కొట్టాలి. ఇప్పుడు ఆ అమ్మాయి వంతు రాగానే చిటికెడు మట్టి వదిలి చూసుకుంటుంది. మట్టి తన ముఖం మీదికి వస్తే, బంతి పట్టుకున్న ఎడమచెయ్యిని నాలుగు వేళ్ల మేర ఒంటివైపు జరుపుకుని, కాలు కాస్త పెద్దగా వేసి కొడుతుంది.