చాప్టర్ షీట్‌లో పదికి పది వస్తే పాఠం వచ్చేసినట్టేనా? అపోహలు - వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. ఒక్కో చాప్టర్‌వి విడిగా కాకుండా, వేర్వేరు చాప్టర్ల లెక్కలు కలిపి సెట్లుగా ఇస్తాను. ఏటా ఆగస్టు వచ్చేసరికి ఎవరో ఒక తల్లి మెట్లెక్కి వస్తుంది. ఈ ఏడు వచ్చినావిడ కొడుకు నోట్‌బుక్ బల్ల మీద పెట్టి, "మేడమ్, పాత ట్యూషన్ల పదికి పది తెచ్చేటోడు. మీ దగ్గరికొచ్చినంక పన్నెండుకు ఆరు దాటుతలేదు" అంది. ఆవిడ కోపంగా లేదు, భయపడుతోంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పక్కనే "మిక్సింగ్ చేస్తే పిల్లలు కన్‌ఫ్యూజ్ అయితరంట" అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజ్ చూపిస్తే మాత్రం ఓపిక పోతుంది.

అపోహ: ఒక చాప్టర్ షీట్ మొత్తం కరెక్ట్‌గా చేశాడంటే ఆ చాప్టర్ వచ్చేసినట్టే.

పిల్లల్ని బాగా ముంచేది ఇదే. ఆవిడ కొడుకు పాత షీట్ తీసి చూశాను. పైన పెద్దక్షరాలతో "త్రికోణమితి అనువర్తనాలు" అని ఉంది. కింద పది లెక్కలు, పదికి పది టిక్కులు. ఒక లెక్క మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఇందులో ఏమడిగాడ్రా?" అన్నాను. చెప్పలేకపోయాడు. దూరం, కోణం అనే రెండు అంకెలు కనబడగానే tan పెట్టి చేసుకుపోయాడు. వాడు దొంగ కాదు. షీట్ అలా ఉంది. ఏ పద్ధతి వాడాలో హెడ్డింగే చెప్పేస్తే ప్రశ్న చదవాల్సిన అవసరం ఎవరికుంటుంది? పరీక్షలో ఆ హెడ్డింగ్ ఉండదు.

మరుసటి రోజు వాడికి ఇచ్చిన పన్నెండు లెక్కల సెట్‌లో ఈ నాలుగూ ఉన్నాయి, పక్కపక్కన కాకుండా.

ఒకటి: 25 అడుగుల నిచ్చెన గోడకు ఆనించి ఉంది. దాని కింది కొస గోడకు 7 అడుగుల దూరంలో ఉంది. పైకొస ఎంత ఎత్తులో ఉంది?

రెండు: నిచ్చెన నేలతో 60° కోణం చేస్తోంది. కింది కొస గోడకు 6 అడుగుల దూరంలో ఉంది. నిచ్చెన పొడవెంత?

మూడు: 5 అడుగుల మనిషి నీడ 4 అడుగులు. అదే సమయంలో గోడ నీడ 16 అడుగులు. గోడ ఎత్తెంత?

నాలుగు: 13 అడుగుల నిచ్చెన పైకొస ఎత్తు, కింది కొసకూ గోడకూ మధ్య దూరం కంటే 7 అడుగులు ఎక్కువ. ఆ రెండూ ఎంతెంత?

నాలుగింటికీ వేసే బొమ్మ ఒకటే, లంబకోణ త్రిభుజం. పద్ధతులు మాత్రం వేరు. మొదటిది పైథాగరస్, జవాబు 24. రెండోది cos 60°, జవాబు 12. మూడోది సరూప త్రిభుజాలు, జవాబు 20. నాలుగోది పైథాగరస్‌తో మొదలై వర్గ సమీకరణంలోకి వెళుతుంది: x² + (x + 7)² = 169. దాంట్లోంచి 5, 12 వస్తాయి.

మనవాడు మొదటి లెక్క దగ్గరే ఆగి, "మేడమ్, ఇందులో కోణం ఇయ్యలే. ప్రశ్నే తప్పు" అన్నాడు. నాలుగోదాంట్లో 169 లోంచి 49 తీసేసి √120 అని రాసి వదిలేశాడు. అక్కడ 7 భుజం కాదు, రెండు భుజాల మధ్య తేడా. వర్గ సమీకరణాల షీట్‌లో ఇదే లెక్క ఇస్తే కళ్లు మూసుకుని చేసేవాడు. వర్గ సమీకరణం సాధించడం వాడికొచ్చు. ఎప్పుడు వాడాలో తెలియదు. చాప్టర్ షీట్ నేర్పనిది సరిగ్గా అదే.

అమెరికాలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ఒక ప్రయోగం నేను ప్రతి తల్లికీ చెబుతాను. కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కట్టడం నేర్పారు. కొందరు ఒక్కో రకాన్నే వరసగా చేశారు, మిగతావాళ్లు నాలుగూ కలిపి చేశారు. ప్రాక్టీసు వేళ వరసగా చేసినవాళ్లకు 89 శాతం, కలిపి చేసినవాళ్లకు 60 శాతం వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే వరసవాళ్లు 20 శాతానికి పడిపోయారు, కలిపినవాళ్లు 63 దగ్గర నిలబడ్డారు. మీవాడికి వస్తున్న ఆరు మార్కులు ఆ 60 శాతం లాంటివి అంటాను. కొందరు నమ్ముతారు. కొందరు రెండో వారంలోనే మాన్పించేస్తారు.

అలాగని తగ్గిన మార్కులన్నీ మంచివేనని నేననను. ఏ తప్పు ఎందుకొచ్చిందో చూడాలి. నా దగ్గర ప్రతి పిల్లాడూ లెక్క మొదలెట్టే ముందు మార్జిన్‌లో పద్ధతి పేరు, అది ఎందుకో రెండు మాటలు రాయాలి. "కోణం ఉంది, cos" అంటే చాలు. దిద్దేటప్పుడు తప్పుల్ని రెండుగా విడదీస్తాను. పద్ధతే తప్పు ఎంచుకుంటే ఎంపిక తప్పు. పద్ధతి సరిగా రాసి మధ్యలో తప్పితే లెక్క తప్పు. వాడి మొదటి సెట్‌లో ఆరు తప్పుల్లో నాలుగు ఎంపిక తప్పులే. కలిపిన సెట్లతో తగ్గాల్సినవి అవి. నాలుగు వారాలైనా తగ్గకపోతే నా సెట్‌లోనే లోపం ఉందని చూసుకుంటాను. అదే ఒక చాప్టర్‌లో లెక్క తప్పులు పదేపదే వస్తుంటే ఆ పిల్లాడికి ఆ చాప్టర్ షీటే మళ్లీ ఇస్తాను. అక్కడ కలపడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అందుకే కొత్త పాఠం చెప్పిన రోజే కలపను. ముందు అదే రకం నాలుగైదు లెక్కలు చేయిస్తాను. మర్నాటి నుంచి సెట్‌లో కొత్త చాప్టర్‌వి నాలుగు, పాతవి ఎనిమిది. ఒకే చాప్టర్‌వి రెండు పక్కపక్కన రాకుండా చూస్తాను.

అపోహ: ఏవైనా సరే, కలిపేస్తే చాలు.

ఈ తప్పు నేనే చేశాను. మొదటి ఏడాది సంభావ్యత, సమితులు, క్షేత్రమితి, శ్రేఢులు చీట్లు తీసినట్టు కలిపి ఇచ్చాను. పాచిక కనబడితే సంభావ్యత, శంఖువు కనబడితే క్షేత్రమితి. ఎంచుకోవడానికి అందులో ఏముంది? మొదటి మాటలోనే చాప్టర్ పేరు బయటపడుతోంది. పాతవి మరచిపోకుండా ఉండటానికి పనికొచ్చిందేమో గానీ, ఎంపిక తప్పులు అలాగే ఉన్నాయి. కలపాల్సింది ఒకేలా కనబడుతూ వేరే పద్ధతి అడిగేవాటిని. క్షేత్రమితిలోనే చూడండి: డేరాకు గుడ్డ ఎంత కావాలి అంటే ఉపరితల వైశాల్యం, లోపల గాలి ఎంత పడుతుంది అంటే ఘనపరిమాణం. బొమ్మ మాత్రం అదే డేరా.

బాగా చదివేవాళ్లకే ఇది పనికొస్తుందన్న మాటా వింటుంటాను. నా దగ్గర నలభై మార్కుల పిల్లలకూ ఇవే సెట్లు, కాకపోతే పన్నెండు బదులు ఎనిమిది లెక్కలు. గ్రాండ్ టెస్టులు రాస్తున్నారుగా, అవీ కలిపినవేగా అంటారు. మూడు గంటల పేపరు నెలకోసారి రాయడం వేరు, రోజూ అరగంట చేసి అదే సాయంత్రం దిద్దించుకోవడం వేరు.

ఇక ఏ మెటీరియల్ కొనాలని అడిగేవాళ్లకు: ఏమీ కొనకండి. ఇంట్లో ఉన్న చాప్టర్ షీట్లు జిరాక్స్ తీయించి, లెక్కకో ముక్క చొప్పున కత్తిరించండి. ఒక్కో ముక్క వెనక చాప్టర్ నంబరు, లెక్క నంబరు పెన్సిల్‌తో రాసుకోండి, లేకపోతే రాత్రి పది గంటలకు కీ వెతుక్కుంటూ కూర్చోవాలి. ఆ రాత వెనకే ఉండాలి. ముందు వైపు రాస్తే వాడు ముందు అదే చదువుతాడు.