33 మిల్లీసెకన్లలో ముఖం మారాలంటే

2023లో కోజికోడ్‌లో ఒకాయన వాట్సాప్ వీడియో కాల్‌లో పాత సహోద్యోగి ముఖం చూసి నమ్మి, 40,000 రూపాయలు పంపారు. ఆ ముఖం నకిలీది. ఇలాంటి కాల్స్ వెనకున్న సాంకేతికత మెల్లగా పెరిగింది.

2016 నాటి ఫేస్2ఫేస్ పరిశోధన, వెబ్‌క్యామ్ ముందున్న మనిషి హావభావాలను మరొకరి వీడియోలోని ముఖం మీద అప్పటికప్పుడు ఆడించి చూపింది. 2017 చివర్లో ప్రచారంలోకొచ్చిన డీప్‌ఫేక్ పద్ధతికి మాత్రం ఇద్దరి ఫొటోలూ వేలల్లో కావాలి, శిక్షణకు రోజులు పట్టేది. 2021లో డీప్‌ఫేస్‌లైవ్ అనే ప్రోగ్రాం ముందే శిక్షణ పొందిన మోడళ్లను వెబ్‌క్యామ్‌కి జోడించింది. 2023లో రూప్, 2024లో డీప్-లైవ్-క్యామ్ అనే ప్రోగ్రాంలు వచ్చేసరికి ఒక్క ఫొటో సరిపోయింది.

ఆ వేగానికి మూల్యం స్పష్టత. ఈ రెండూ వాడే inswapper_128 మోడల్ ముఖాన్ని 128×128 పిక్సెళ్లలోనే గీస్తుంది. దాన్ని 720p ఫ్రేములో పెద్దది చేసి అతికిస్తే చర్మం నునుపుగా, పళ్లు ఒకే తెల్లటి పట్టీలా కనిపిస్తాయి.

సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లే. ఈ లెక్కలు చేసే గ్రాఫిక్స్ చిప్ జీపీయూ. ఒక జీపీయూ మీద ముఖం వెతకడానికి 8, మార్చడానికి 15, అతికించడానికి 7 పడుతున్నాయనుకుందాం. మొత్తం 30, సరిపోయింది. మసక పోగొట్టే ఎన్‌హాన్సర్‌ని కలిపితే, దానికి మరో 40. అప్పుడు ఫ్రేముకు 70, అంటే సెకనుకు 14 ఫ్రేములు. పనుల్ని వేర్వేరు థ్రెడ్లకు పంచినా పెద్దగా కలిసిరాదు, అన్నీ ఒకే జీపీయూ కోసం పోటీపడతాయి కాబట్టి. ల్యాప్‌టాప్ వేడెక్కితే అదీ తగ్గుతుంది. గది మసగ్గా ఉంటే చాలా వెబ్‌క్యామ్‌లు ఎక్స్‌పోజర్ పెంచుకుని వాటంతటవే 15 ఫ్రేములకు దిగుతాయి. అప్పుడు జీపీయూని నిందించి లాభం లేదు.

ఫ్రేము రేటు బాగున్నా ఆలస్యం మిగిలే ఉంటుంది. కెమెరాలో ఒక ఫ్రేము, మార్చిన వీడియోని కాల్ యాప్‌కి కెమెరాలా అందించే వర్చువల్ కెమెరాలో ఒక ఫ్రేము, మధ్యలో ముఖం మార్చే ఆ 30 మిల్లీసెకన్లు కలిస్తే దాదాపు 100 మిల్లీసెకన్లు. మైకు మాట నేరుగా వెళ్తుంది గనుక పెదవుల కంటే ముందే వినిపిస్తుంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం ప్రకారం ధ్వని 45 మిల్లీసెకన్లు ముందుంటే చాలు, చూసేవాళ్లు గుర్తుపడతారు. మైకునీ అంతే ఆలస్యం చేస్తే పెదవులు కలుస్తాయి, కానీ ఇప్పుడు నెట్‌వర్క్ ఆలస్యానికి తోడు ప్రతి జవాబూ ఆ 100 వెనకబడుతుంది.

అనుమానమొస్తే అవతలివాళ్లను తల పూర్తిగా పక్కకు తిప్పమనండి, ముఖం ముందు నుంచి చేతిని మెల్లగా కదపమనండి. ప్రొఫైల్‌లో కంటి, ముక్కు గుర్తులు దొరక్క అతికించిన ముఖం ఒక్క క్షణం జారుతుంది, లేదా వేళ్ల మీదికి చర్మం పాకుతుంది. అయితే అడ్డొచ్చిన వస్తువుల్ని గుర్తించి వదిలేసే పద్ధతులు ఇప్పటికే ఉన్నాయి, కాబట్టి చెయ్యి శుభ్రంగా కనిపించడం రుజువు కాదు. డబ్బు మాటొస్తే కాల్ పెట్టేసి, మీ దగ్గరున్న పాత నంబరుకు మీరే ఫోన్ చేయండి.