అపోహలు - వాస్తవాలు: జెడ్ స్కీమ్‌లో ఏటీపీ ఎక్కడ తయారవుతుంది?

కోరాపుట్ జిల్లా జయపురంలో ప్లస్ టూ పిల్లలకు బోటనీ చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కాబట్టి కిరణజన్య సంయోగక్రియను చాలామంది ఆలోకశ్లేషణ అనే అంటారు. అందులో వెలుతురుతో కదిలిన ఎలక్ట్రాన్ నీటి నుంచి ఎన్‌ఏడీపీ దాకా వెళ్లే దారిని చూపే బొమ్మే జెడ్ స్కీమ్. ఏ భాషలో చదివినా దాని దగ్గర చేసే తప్పు మాత్రం ఒకటే.

అపోహ: ఎలక్ట్రాన్ కిందికి దిగుతూ వదిలే శక్తితో, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అక్కడికక్కడే తయారవుతుంది.

వాస్తవం: తయారవదు. దిగే గీత పక్కనే ఏటీపీ అని రాసి చాలా బొమ్మలు పిల్లల్ని ముంచుతున్నాయి. థైలకాయిడ్ అనే సంచి పొరలో ఉండే సైటోక్రోమ్ బీ6ఎఫ్ ప్రోటీన్ దగ్గర ఆ శక్తి చేసే పని ప్రోటాన్లను సంచి బయటి స్ట్రోమా నుంచి సంచి లోపలి ల్యూమెన్‌లోకి చేర్చడమే. నీరు విడిపోయినప్పుడు వచ్చే ప్రోటాన్లు కూడా ల్యూమెన్‌లోనే మిగులుతాయి. అలా లోపల పోగైనవి పొరలోని ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్ గుండా బయటికి వస్తూ దాన్ని తిప్పితే ఏటీపీ పుడుతుంది. మా మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం చూసిన పిల్లలకు ఇలా చెబుతాను: టర్బైన్ తిప్పే నీళ్లు ప్రోటాన్లు. ఎలక్ట్రాన్లు ఆ నీళ్లను పైకెక్కించే మోటారు.

మొన్న టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చాను. విడదీసిన థైలకాయిడ్లకు వెలుతురు, ఫెరిడాక్సిన్, ఎన్‌ఏడీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్ అన్నీ ఉన్నాయి. అమ్మోనియం క్లోరైడ్ కలిపితే ఏమవుతుంది? బాగా చదివే అమ్మాయే "అన్నీ ఆగిపోతాయి" అని రాసి, "ఈ చాప్టర్ నాకింక రాదు మాస్టారూ" అని ఏడ్చినంత పని చేసింది. తప్పు ఆ పిల్లది కాదు, బొమ్మది.

అమ్మోనియం క్లోరైడ్ నుంచి వచ్చే అమ్మోనియా పొరను దాటి ల్యూమెన్‌లోకి వెళ్లి అక్కడి ప్రోటాన్లను పట్టేసుకుంటుంది. దాంతో లోపలికీ బయటికీ ఉన్న పీహెచ్ తేడా పడిపోయి, ఏటీపీ దాదాపు ఆగిపోతుంది. ఎలక్ట్రాన్లు మాత్రం ఆగవు. ఎదురొత్తిడి తగ్గింది కాబట్టి ఇంకా వేగంగా పరుగెడతాయి. ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, ఎన్‌ఏడీపీహెచ్ తయారవుతూనే ఉంటుంది. ఏటీపీని ఎలక్ట్రానే చేస్తుంటే ఇదెలా సాధ్యం?

దీనికి తిరగేసిన ప్రయోగం 1966లో జాగెన్‌డార్ఫ్, ఉరీబ్ చేశారు. థైలకాయిడ్లను పీహెచ్ 4 ద్రావణంలో నానబెట్టి, చీకట్లోనే ఏడీపీ, ఫాస్ఫేట్ ఉన్న పీహెచ్ 8 ద్రావణంలోకి మార్చారు. వెలుతురు లేకుండానే ఏటీపీ వచ్చింది.

మిగతావి రెండు ముక్కల్లో. జెడ్ బొమ్మలో ఎత్తుపల్లాలు పొరలో చోట్లు కావు, రెడాక్స్ పొటెన్షియల్ కొలత. వెలుతురును పట్టే రెండు ఫొటోసిస్టమ్‌లలో రెండోది ముందు రావడానికి మర్మమేమీ లేదు, అంకెలు కనుక్కున్న వరుసలో పెట్టినవి.

ఇక చక్రీయ ప్రవాహం "పరీక్షకు అక్కర్లేదు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఒక్కసారి లెక్క వెయ్యండి. రెండు నీటి అణువుల నుంచి 4 ఎలక్ట్రాన్లు చివరిదాకా వెళితే 2 ఎన్‌ఏడీపీహెచ్ వస్తాయి, ల్యూమెన్‌లో 12 ప్రోటాన్లు చేరతాయి. 3 ఏటీపీలకు సుమారు 14 ప్రోటాన్లు కావాలి కాబట్టి 12తో వచ్చేది 2.6 దగ్గరే. చక్కెర తయారుచేసే కాల్విన్ వలయం మాత్రం 2 ఎన్‌ఏడీపీహెచ్‌కు 3 ఏటీపీలు అడుగుతుంది. ఆ లోటు తీర్చడంలో పెద్ద వాటా చక్రీయ ప్రవాహానిదే: మొదటి ఫొటోసిస్టమ్ ఎలక్ట్రాన్ ఎన్‌ఏడీపీ దగ్గరికి పోకుండా వెనక్కి తిరిగి, మళ్లీ ప్రోటాన్లను లోపలికి నెట్టిస్తుంది.