రీఓపెన్ రేటు తగ్గితే పని బాగున్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

అప్రైజల్ దగ్గర పడితే చాలు, టీమ్‌లో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అడుగుతారు: "అక్కా, నావి రెండు బగ్గులు రీఓపెన్ అయ్యాయి, రేటింగ్ పోయినట్టేనా?" తిరుపతిలో టెస్టింగ్ టీమ్ చూసుకునే నాకు ఈ టెన్షన్ కొత్త కాదు. దీని వెనక ఉన్న అపోహ మీద మాత్రం ఓపిక పోయింది.

అపోహ: రీఓపెన్ అయిందంటే డెవలపర్ సరిగా ఫిక్స్ చేయలేదు.

వాస్తవం: మూసిన టికెట్ మళ్లీ తెరిచారు, అంతే. ఎందుకు తెరిచారన్నది టికెట్ చదివితే గానీ తెలియదు.

లాడ్జీల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసినప్పటి సంగతి చెప్తాను. ఒక నెలలో 40 బగ్గులు మూస్తే 6 రీఓపెన్ అయ్యాయి. అంటే 15 శాతం. మీటింగులో అందరి ముఖాలూ వాడిపోయాయి. ఆరు టికెట్లూ తెరిచి చదివాం. రెండింటికి ఫిక్స్ బాగానే ఉంది, టెస్ట్ సర్వర్ మీద పాత బిల్డ్ ఉండిపోయింది. ఒకదాంట్లో టెస్టర్ రాసిన స్టెప్స్ సగమే, డెవలపర్ ఆ సగానికే ఫిక్స్ చేశాడు.

నాలుగోది 24 గంటల చెకౌట్ బగ్. రాత్రి 11:30కి గది తీసుకుని మర్నాడు రాత్రి పదింటికి ఖాళీ చేసిన యాత్రికుడికి రెండు రోజుల బిల్లు పడేది. తేదీ మారితే కోడ్ ఇంకో రోజు కలిపేసేది. డెవలపర్ దాన్ని గంటల లెక్కకు మార్చాడు. టెస్టర్ మధ్యలో గది మార్చి చూసింది, మళ్లీ రెండు రోజులే! గది మారితే బిల్లులో రెండు లైన్లు పడతాయి, ఒక్కో లైనూ విడిగా పూర్తి రోజుకు పెరుగుతుంది. ఆ కోడ్ ఉన్నది వేరే చోట, డెవలపర్ దాని జోలికే వెళ్లలేదు. ఎప్పటి నుంచో ఉన్న వేరే బగ్ అది. దానికి కొత్త టికెట్ వేయాలి.

నిజంగా ఫిక్స్ కుదరనివి మిగిలిన రెండే. 40కి 2, అంటే 5 శాతం.

అయినా పైవాళ్లు ఆ 15నే పట్టుకుని, రీఓపెన్ రేటును ఒక్కొక్కరి అప్రైజల్‌లో పెట్టారు. తర్వాతి నెల ఒక్కటే రీఓపెన్. ఎలా తగ్గిందనుకుంటున్నారు? "రీఓపెన్ చేయొద్దక్కా, నేను చూసేస్తా" అని టెస్టర్లకు ఫోన్లు మొదలయ్యాయి. మొహమాటానికి కొందరు రీఓపెన్ మానేసి, అదే సమస్యకు పేరు మార్చి కొత్త టికెట్ వేశారు. ఫోన్లో సర్దుకున్న వాటికి రికార్డే లేదు, కాబట్టి వాటిని రిలీజ్ ముందు మళ్లీ పరీక్షించిన వాళ్లూ లేరు. అవే లాడ్జి కౌంటర్ల నుంచి ఫిర్యాదులుగా తిరిగొచ్చాయి.

అందుకే రీఓపెన్ల అంకెనూ, రిలీజ్ తర్వాత బయటపడే బగ్గుల అంకెనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రీఓపెన్లు తగ్గుతూ, రిలీజ్ తర్వాత బయటపడే బగ్గులు పెరుగుతుంటే అనుమానించండి. మూసిన రెండు వారాల్లోపు అదే స్క్రీన్ మీద కొత్త టికెట్ పడిందేమో వెతకండి. జిరాలో అయితే గత నెల మొదటి నుంచి రీఓపెన్ అయినవి ఇలా దొరుకుతాయి (స్టేటస్ పేర్లు మీ వర్క్‌ఫ్లోలో ఉన్నవి పెట్టుకోండి):

```
issuetype = Bug AND status CHANGED FROM "Resolved" TO "Reopened" AFTER startOfMonth("-1")
```

మూడుసార్లు రీఓపెన్ అయిన టికెట్ కూడా ఇందులో ఒక్కసారే కనిపిస్తుంది. ఎన్నిసార్లో తెలియాలంటే దాని హిస్టరీ చూడాలి.

అపోహ: రిలీజ్ తర్వాత బగ్గులు రాలేదు కాబట్టి రిలీజ్ బాగుంది.

వాస్తవం: ఎవరూ వాడకపోయినా బగ్గులు రావు. లాడ్జీలు ఖాళీగా ఉన్న రోజుల్లో గది మార్చమని అడిగేవాళ్లు తక్కువ. బ్రహ్మోత్సవాల రద్దీలో అదే కోడ్ నుంచి బగ్గులు వరుస కడతాయి. కాబట్టి ఏ రిలీజ్‌కైనా మొదటి 90 రోజులనే లెక్కలోకి తీసుకోండి, రద్దీ కూడా ఒకేలా ఉన్న రిలీజులనే పోల్చండి. నిన్న రిలీజ్ చేసిన దాన్ని మూడు నెలల కిందటి దానితో పోలిస్తే కొత్తదే గెలుస్తుంది. రిలీజ్‌కు ముందు 45, తర్వాత 5 దొరికితే 90 శాతం ముందే పట్టుకున్నట్టు. అయితే ఆ 5లో బిల్లు తప్పు పడేది ఎన్ని, అక్షరదోషాలు ఎన్ని అన్నది విడిగా చూడాలి.

అపోహ: రీఓపెన్లు సున్నాకు తేవాలి.

వాస్తవం: సున్నా ఉంటే ముందు రీటెస్ట్ జరుగుతోందో లేదో చూడండి.

భయపడుతున్న జూనియర్లకు: మీటింగుకు ముందే మీ రీఓపెన్ టికెట్లన్నింటి పక్కనా కారణం రాసుకోండి: బిల్డ్, స్టెప్స్, వేరే బగ్, ఫిక్స్. నెలకు పది బగ్గులు మూసే మనిషికి ఒక్క రీఓపెన్ పది శాతం, రెండైతే ఇరవై. అంత చిన్న లెక్కతో మనిషిని తూచకూడదు. పైగా అందరూ వదిలేసిన చిక్కు బగ్గులు టీమ్‌లో గట్టివాళ్లకే వెళ్తాయి, రీఓపెన్లూ వాళ్లకే ఎక్కువ పడతాయి. మేనేజర్‌కు ఆ టికెట్ల లిస్టు చూపించి ఈ మాట చెప్పండి.