జారే పాదాలు, కుంగే భుజాలు: రిటార్గెటింగ్‌పై అపోహలు - వాస్తవాలు

ఒక మనిషి ఒంటి మీద రికార్డు చేసిన కదలికను వేరే కొలతలున్న పాత్ర స్కెలిటన్‌కు, అంటే లోపలి ఎముకల చట్రానికి, మార్చడాన్ని యానిమేషన్ పనివారు రిటార్గెటింగ్ అంటారు. విజయవాడలో మేము చేసిన ఒక చిన్న చిత్రంలో గుంటూరు మిరప యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ పాత్ర ఉంది. అతడికి పొట్టి కాళ్లు, వెడల్పు భుజాలు, మందపాటి అడుగున్న చెప్పులు. నడక మాత్రం సన్నగా, పొడవుగా ఉన్న ఒక నటుడిది. మొదటిసారి మార్చి చూసినప్పుడు హమాలీ మంచు మీద నడుస్తున్నట్లు పాదాలు జారాయి, భుజాలు పక్కటెముకలలోకి కుంగిపోయాయి. ఆ రెండు లోపాల మీద మా తోటివారిలో వినిపించే అపోహలను ఆ పాత్ర కొలతలతోనే పరిశీలిస్తాను.

అపోహ: తుంటి ఎత్తుల నిష్పత్తితో, ఒంటినంతా నడిపే హిప్స్ ఎముక కదలికను తగ్గిస్తే పాదాలు జారవు.

వాస్తవం: ఈ మాట సగమే నిజం. నటుడి తుంటి కీలు నేల నుంచి 92 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, హమాలీది 69. అంటే నిష్పత్తి 0.75. నటుడు ఒక పూర్తి చక్రంలో, అనగా రెండు అడుగులలో, 140 సెంటీమీటర్లు నడిస్తే హమాలీ 105 నడవాలని సాఫ్ట్‌వేర్ లెక్క కట్టింది. అయితే తుంటికీ నేలకూ మధ్య ఉన్నదంతా ఊగే కాలు కాదు. నటుడి చీలమండ నేలకు 8 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. చెప్పుల మందం వల్ల హమాలీది 11. కాబట్టి తుంటి నుంచి చీలమండ వరకు కాలి పొడవు నటుడికి 84, హమాలీకి 58 సెంటీమీటర్లు. ఆ నిష్పత్తి 0.69. కీళ్ల కోణాలు అవే ఉన్నప్పుడు కాలు ఎంత దూరం ఊగుతుందనేది ఈ పొడవును బట్టే ఉంటుంది కనుక, హమాలీ కాళ్లు నిజంగా నడవగలిగిన దూరం సుమారు 97 సెంటీమీటర్లు. ఒంటిని 105 ముందుకు లాగుతున్నాము, కాళ్లు 97 మాత్రమే నడుస్తున్నాయి. మిగిలిన 8 సెంటీమీటర్లే జారుడు. మామూలు నడకలో ఒక పాదం చక్రంలో సుమారు 60 శాతం కాలం నేల మీద ఉంటుంది కాబట్టి, ఆనిన ప్రతిసారీ పాదం దాదాపు 5 సెంటీమీటర్లు ముందుకు జారుతుంది.

అందుచేత ముందుకు సాగే కదలికకు కాలి నిష్పత్తిని వాడి, ఎత్తును చీలమండ నుంచి లెక్కించాలి. x అంటే ముందుకు, z అంటే పైకి అనుకుంటే హిప్స్ లెక్క ఇలా ఉంటుంది:

```
target_x = 0.69 * source_x
target_z = 11 + 0.69 * (source_z - 8)
```

నటుడి తుంటి 92 వద్ద ఉన్నప్పుడు రెండో వరుస 69 అని చెబుతుంది, అనగా నిలుచున్న ఎత్తు చెడదు. ఈ మార్పు తరువాత నడక వేగం తగ్గుతుంది. దృశ్యంలో హమాలీ లారీ దగ్గరికి ఆలస్యంగా చేరుతాడు. దూరాన్ని కాపాడాలంటే అడుగుల సంఖ్య పెంచాలి తప్ప హిప్స్‌ను లాగకూడదు.

జారుడు ఏ రకమో దాని తీరే చెబుతుంది. ఆనిన పాదం ప్రతి అడుగులోనూ ఒకే దిశలో, ఒకే మోతాదులో జారుతుంటే తప్పు నిష్పత్తిలో ఉంది. ముందుకు వెనక్కి ఊగుతుంటే తొడకూ పిక్కకూ మధ్య పొడవుల పంపకం రెండు స్కెలిటన్లలో వేరుగా ఉందని అనుమానించాలి. అన్నిటికంటే ముందు నటుడి స్కెలిటన్‌నే ఒకసారి నడిపించి చూడాలి. అక్కడే పాదం జారుతుంటే మన లెక్కలతో పని లేదు.

అపోహ: మిగిలిన జారుడుకు ఐకేతో, అంటే కాలి చివరను ఒకచోట నిలిపి పై కీళ్ల కోణాలను లెక్కించే పద్ధతితో, చీలమండను కట్టేస్తే సరిపోతుంది.

వాస్తవం: మడమ లేచే క్షణంలో చీలమండ న్యాయంగానే కదులుతుంది, అప్పుడు కదలకుండా ఉండేది మునివేళ్ల మొదలు. చీలమండను చివరి వరకు కట్టేసిన నడకలో పాదం జిగురుకు అంటుకొని, ఆపై ఒక్కసారిగా ఊడినట్లు కనిపిస్తుంది. కాబట్టి మడమ ఆనినప్పటి నుంచి అది లేచేవరకు మడమను, ఆ తరువాత మునివేళ్ల మొదలును స్థిరంగా ఉంచి, వదిలేటప్పుడు మూడు నాలుగు ఫ్రేములలో మెల్లగా వదలాలి.

రెండో చిక్కు మోకాలిది. స్థిరపరచిన పాదానికీ తుంటికీ మధ్య దూరం 58 సెంటీమీటర్లకు చేరిన ఫ్రేములో కాలు పూర్తిగా సాగి, మోకాలు టక్కున వెనక్కి నెట్టుకుంటుంది. అటువంటి చోట ఒక్క ఫ్రేములో కాకుండా, ఆ అడుగు పొడవునా హిప్స్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు దించాలి. బరువు మోసే పాత్రకు అది నప్పుతుంది కూడా.

అపోహ: భుజం కుంగితే వెయిట్ పెయింటింగ్, అంటే ఏ ఎముక చర్మాన్ని ఎంత లాగాలో దిద్దే పని, చెడినట్లే.

వాస్తవం: ఈ అపోహతో నేను రెండు రోజులు వృథాగా వెయిట్లు దిద్దాను. చేయవలసిన పరీక్ష ఐదు నిమిషాలది: నటుడి కదలికను తీసివేసి, పాత్ర చేతులను మన చేత్తోనే దించి, ఎత్తి చూడాలి. అప్పుడు భుజం చక్కగా ఉంటే వెయిట్లది తప్పు కాదు, రిటార్గెటింగ్‌దే.

మా నటుడి స్కెలిటన్ ఆరంభ భంగిమ చేతులు అడ్డంగా చాచిన టీ-పోజ్. హమాలీది చేతులు 45 డిగ్రీలు దిగిన ఏ-పోజ్. రెంటినీ కలపడానికి నేను, రెండు స్కెలిటన్లను సరిపోల్చే రిటార్గెట్ పోజ్‌లో హమాలీ పైచేతిని 45 డిగ్రీలు ఎత్తాను. చేతులు అడ్డంగా నిలిచాయి, పని అయిందనుకున్నాను. కానీ మనిషి చేయి అడ్డంగా లేచినప్పుడు కాలర్‌బోన్ కూడా లేస్తుంది. నటుడి టీ-పోజ్‌లో అది 12 డిగ్రీలు లేచి ఉంది. హమాలీది విశ్రాంతిలోనే ఉంది. నటుడు చేయి దించగానే అతడి కాలర్‌బోన్ 12 డిగ్రీలు దిగి మామూలు స్థానానికి వచ్చింది. అదే మార్పు హమాలీకి చేరేసరికి, అప్పటికే మామూలు స్థానంలో ఉన్న ఎముక మరో 12 డిగ్రీలు కిందికి దిగింది. అతడి కాలర్‌బోన్ పొడవు 18 సెంటీమీటర్లు కాబట్టి భుజం దాదాపు 3.7 సెంటీమీటర్లు కుంగింది. భుజాలు ఎంత వెడల్పుగా ఉంటే ఈ తప్పు అంత ఎక్కువగా కనిపిస్తుంది.

సవరణ ఏమిటంటే, అదే 45 డిగ్రీలను పంచాలి: కాలర్‌బోన్‌కు 12, పైచేతికి 33. ఎంత పంచాలో ఊహించనక్కరలేదు. నటుడి ఫైలులో చేతులు వేలాడే ఒక ఫ్రేమును, టీ-పోజ్ ఫ్రేమును పక్కపక్కన పెట్టి కాలర్‌బోన్ తేడా చదువుకోవాలి. మార్పు రిటార్గెట్ పోజ్‌లోనే జరగాలి. చర్మాన్ని అతికించిన బైండ్ పోజ్‌ను కదిలిస్తే పాత్ర ఉపరితలమైన మెష్ నిజంగానే చెడుతుంది.

చేయి మెలితిరిగినప్పుడు భుజం తడిగుడ్డ పిండినట్లు సన్నబడటం మాత్రం వేరే జబ్బు. అది సాధారణ స్కిన్నింగ్ పద్ధతి పరిమితి. దానికి పైచేతిలో ట్విస్ట్ బోన్‌లు పెట్టి మెలికను పంచడం ఒక మార్గం.

అపోహ: కోణాలు సరిగా వస్తే చేతులు కూడా సరైన చోటికే చేరతాయి.

వాస్తవం: కోణాలు ఒకటే అయినా, చేయి పొట్టిదైతే అరచేయి వేరే చోట ఆగుతుంది. భుజాలు సరిదిద్దిన తరువాత మా హమాలీ అరచేతులు వీపు మీది టిక్కీ అంచుకు నాలుగు వేళ్ల దూరంలో గాలిని పట్టుకున్నాయి. అరచేతుల ఐకే లక్ష్యాలను టిక్కీకే అతికించి, చేయి అందని రెండు చోట్ల టిక్కీని కాస్త మెడవైపు జరిపాము.